ఆఖరి పిలుపు నిజమైతేనే టికెట్ తెగుతుంది
పొందూరు నూలు నేర్పే రెండు రోజుల కార్యశాలకు టికెట్లు అమ్మే పద్ధతి: ఒక ఉదాహరణ, దాని లెక్కలు

వారాంతపు కార్యశాల అంటే చూసి వెళ్లే ప్రదర్శన కాదు. వచ్చినవారు శని, ఆదివారాల్లో తమ చేతులతో పనిచేసి ఒక నైపుణ్యపు తొలిమెట్టు ఎక్కే తరగతి అది. ఇటువంటి తరగతికి చేసే ప్రచారంలో మూడు రకాల సందేశాలు ఉంటాయి. ధర, తేదీ, చోటు చెప్పి నేరుగా డబ్బు చెల్లించమని కోరేది టికెట్ పోస్టు. అడిగి ఊరుకున్నవారిని, కొని మరిచిపోయే అవకాశం ఉన్నవారిని తిరిగి పలకరించేది గుర్తుచేత. గడువు ముగిసే ముందు వెళ్లేది ఆఖరి పిలుపు. ఈ మూడింటినీ ఒకే పోస్టర్‌తో సాగించి, రోజూ అదే బొమ్మను పది వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి, చివరి రోజున ‘త్వరపడండి’ అనే మాటను మాత్రం పైన చేర్చడం నిర్వాహకులు సాధారణంగా చేసే పొరపాటు. మూడింటికీ పాఠకులు వేరు, చేయవలసిన పని వేరు. వాటన్నిటికీ ఆధారం మాత్రం ఒక్కటే, సీట్ల సంఖ్యా గడువూ నిజమైనవి కావడం.

ఆ ఆధారం ఎలా ఏర్పడుతుందో శ్రీకాకుళం జిల్లా పొందూరులో నూలు వడకడం నేర్పే ఒక కార్యశాలను ఊహించుకుని పరిశీలించవచ్చు. ఊరు, అక్కడి వృత్తి, అందులోని పని క్రమం వాస్తవం. కార్యశాల, దాని ధరలు, అమ్మకపు అంకెలు మాత్రం లెక్క సులువుగా తెలియడానికి తీసుకున్న నమూనా.

పొడిగింపులు పెంచిన అపనమ్మకం

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో టికెట్ ప్రచారం కొత్తది కాదు. రిక్షాకు మైకు కట్టి వీధివీధినా తిరుగుతూ కరపత్రాలు పంచిన టూరింగ్ టాకీసులు, సర్కస్ కంపెనీలు, ఎగ్జిబిషన్లు ధర, వేళ, ఆఖరు రోజు అనే మూడు మాటలతోనే జనాన్ని రప్పించాయి. అయితే ‘ఈ రోజే ఆఖరు’ అని చాటిన మైకే మర్నాడు ‘ప్రేక్షకుల కోరికపై మరో వారం పొడిగింపు’ అని కూడా చాటింది. ఆ అలవాటు మిగిల్చిన ఫలితం నేటికీ కనిపిస్తుంది: గడువు అనే మాట వినగానే చాలామంది దాన్ని బేరం మొదలైనట్టుగా తీసుకుంటారే తప్ప ముగింపుగా తీసుకోరు. ‘ఎలాగూ పొడిగిస్తారు’ అనుకునేవారికి ఎన్ని ఎర్రక్షరాలు చూపినా చెల్లింపు జరగదు. అందువల్ల ఆఖరి పిలుపు బలం ఆ రోజున రాసే వాక్యంలో కాక, నెల ముందు వేసుకునే ప్రణాళికలో నిర్ణయమవుతుంది.

ఇందులో చట్టం కోణం కూడా ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ‘డార్క్ ప్యాటర్న్స్’పై, అంటే కొనుగోలుదారును తప్పుదారి పట్టించే తెరమీది ఎత్తుగడలపై, మార్గదర్శకాలు జారీ చేసి 13 రకాలను పేర్కొంది. లేని కొరతను ఉన్నట్టు చూపి తొందరపెట్టడం వాటిలో ఒకటి. మొదట తక్కువ ధర చెప్పి, చెల్లించే వేళకు రుసుములు కలుపుకుంటూ పోవడం మరొకటి. కాబట్టి ఇరవై సీట్లు ఖాళీగా ఉండగా ‘రెండే మిగిలాయి’ అని రాయడం నమ్మకాన్ని పోగొట్టడమే కాక, అన్యాయపు వ్యాపార పద్ధతి కూడా అవుతుంది.

సీట్ల సంఖ్యను రాట్నం నిర్ణయిస్తుంది

పొందూరు సన్న ఖాదీలో నూలు రాట్నం మీదికి రాకముందే చాలా పని జరుగుతుంది. గింజతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడలోని సన్నని పళ్లు దువ్వెనలా పనిచేసి చెత్తను తీసివేసి, పోగులను ఒక వరుసకు తెస్తాయి. తరువాత గింజ తీసి, దూదిని ఏకి, ఏకులుగా, అంటే వడకడానికి వీలైన మెత్తని దూది చుట్టలుగా చేసి, అవి నలిగి మాసిపోకుండా ఎండిన అరటి దొప్పలో భద్రపరుస్తారు. ఆపైన ఒంటికదురు రాట్నం మీద వడుకుతారు. నూలు సన్నదనాన్ని కౌంటుతో కొలుస్తారు, కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. పొందూరు పేరు 100 కౌంటు స్థాయి నూలుతో ముడిపడి ఉంది.

ఈ క్రమం తెలిసిన నిర్వాహకునికి సీట్ల సంఖ్యను ఊహించవలసిన పని ఉండదు. రెండు రోజుల్లో ఎవరూ సన్న నూలు వడకలేరు. తెగకుండా ఒక మూర దారం తీయగలగడమే కొత్తవారికి విజయం, అదీ పక్కన కూర్చున్నవారు చేయి పట్టి చూపితేనే. ఒక్కో శిక్షకురాలు నలుగురిని మించి చూసుకోలేదనీ, ముగ్గురు శిక్షకురాళ్లు, పన్నెండు రాట్నాలు దొరికాయనీ అనుకుంటే సీట్లు పన్నెండు. పదమూడో మనిషికి రాట్నం ఉండదు. గడువు కూడా ఇలాగే పుడుతుంది: ఎంతమంది వస్తారో తెలిసిన తరువాతే అంతమందికి సరిపడా ఏకులు చేయాలి, ఆ పనికి అయిదు రోజులు కావాలి. కాబట్టి శనివారం మొదలయ్యే కార్యశాలకు టికెట్లు అంతకు ముందు ఆదివారం రాత్రి ముగియాలి. కారణం ఉన్న గడువుకే కట్టుబడటం సాధ్యం, దాన్ని ఒక వాక్యంలో వివరించడమూ సాధ్యం.

ధరలో దాగిన లెక్క

టికెట్ పోస్టులో రాయబోయే ధర ఖర్చును రెండుగా విడదీస్తేనే తేలుతుంది. ఎంతమంది వచ్చినా మారనిది స్థిర ఖర్చు. మనిషికింత అని పెరిగేది తలసరి ఖర్చు. ఈ నమూనాలో ముగ్గురు శిక్షకురాళ్ల రెండు రోజుల పారితోషికం, హాలు అద్దె, రాట్నాల రవాణా, నిర్వాహక బృందం భోజనం, పోస్టర్ కలిపి స్థిర ఖర్చు 12,800 రూపాయలు. పాల్గొనేవారి టిఫిను, భోజనాలకు 400, దూదికి, ఏకులకు 200 చొప్పున తలసరి ఖర్చు 600. టికెట్ 2,000 అయితే ఒక్కో సీటు నుంచి స్థిర ఖర్చుకు 1,400 మిగులుతుంది. తొమ్మిది సీట్లు అమ్ముడైతే 200 రూపాయల నష్టం, పది అమ్ముడైతే 1,200 మిగులు, పన్నెండూ అమ్ముడైతే 4,000 మిగులు.

ఈ లెక్క చేతిలో ఉంటే ‘ముందుగా కొన్నవారికి తగ్గింపు’ అనే ఆకర్షణను కూడా తూచవచ్చు. మొదటి నలుగురికి 300 చొప్పున తగ్గిస్తే పోయేది 1,200. సీట్లన్నీ నిండినప్పటి మిగులులో అది దాదాపు మూడో వంతు, పది సీట్ల దగ్గరైతే మొత్తం మిగులూ అదే. వందల సీట్లున్న కచేరీకి పనికొచ్చే తగ్గింపు పన్నెండు సీట్ల తరగతికి భారమవుతుంది. పైగా ముందుగా కొనే నలుగురు సాధారణంగా వృత్తి మీద ఆసక్తి ఉన్నవారే, తగ్గింపు లేకపోయినా కొనేవారే. ఒకే ధర పెట్టి, దానిలోనే అన్నీ కలిశాయని చెప్పడం ఇక్కడ మేలు. ఎంతకన్నా తక్కువైతే కార్యశాల రద్దు చేసి డబ్బు వాపసు ఇవ్వాలో కూడా ముందే తేల్చుకోవాలి. ఎనిమిది మందితో నడిపితే నష్టం 1,600. అది భరించగలిగినదైతే కనీస సంఖ్య ఎనిమిది.

జీతం తేదీ, కార్తీకం, వాయుగుండం

ఉత్తరాంధ్రలో వారాంతం అన్నంత మాత్రాన అందరికీ సెలవు కాదు. రెండో శనివారం బ్యాంకులకు సెలవు, ప్రభుత్వ కార్యాలయాల్లో చాలావాటికీ సెలవే. ఉపాధ్యాయులు, ఉద్యోగులు రావాలనుకునే రెండు రోజుల తరగతికి అది అనువైన తేదీ. రెండో శనివారం ఎప్పుడూ 8 నుంచి 14 లోపు వస్తుంది కనుక, జీతాలు పడే ఒకటో తేదీ కార్యశాలకు ఒకటి రెండు వారాల ముందు పడుతుంది. చెల్లింపు కోరే రెండో పోస్టుకు అదే సరైన సమయం.

2026 డిసెంబరును తీసుకుంటే రెండో శనివారం 12వ తేదీ. నవంబరు 8న దీపావళి, ఆ వెంటనే మొదలయ్యే కార్తీకంలో ఆదివారాలు వనభోజనాలకు పోతాయి. డిసెంబరు 12 నాటికి కార్తీకం ముగుస్తుంది. ఆ లెక్కన తొలి టికెట్ పోస్టు నవంబరు 14న, రెండోది డిసెంబరు 1న, గుర్తుచేత 3న, ఆఖరి పిలుపు 5 సాయంత్రం, ముగింపు 6 ఆదివారం రాత్రి 8 గంటలకు. ఒక్క జాగ్రత్త మిగులుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరానికి వాయుగుండాల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలోనే తీరం దాటింది. తుపాను హెచ్చరిక వస్తే తేదీ మారుతుందా, డబ్బు తిరిగి ఇస్తారా అన్న మాట మొదటి పోస్టులోనే ఉండాలి, హెచ్చరిక వచ్చిన రోజున ఆలోచించేది కాదు.

టికెట్ పోస్టులో ఏం ఉండాలి

టికెట్ పోస్టు వృత్తి చరిత్రను చెప్పే వ్యాసం కాదు. చదివిన మనిషి మరో ప్రశ్న అడగకుండా డబ్బు చెల్లించగలిగితే అది తన పని చేసినట్టు. అందుకు ఆరు విషయాలు చాలు: చేతులతో చేయబోయే పని, తేదీ, చేరే దారి, అన్నీ కలిపిన ధర, సీట్లూ గడువూ, చెల్లించే పద్ధతి. నమూనా పోస్టు ఇలా ఉండవచ్చు:

“పొందూరులో రెండు రోజులు రాట్నం మీద. దవడ ఎముకతో పత్తి దువ్వడం, ఏకు చుట్టడం, నూలు తీయడం మీ చేతులతోనే. మీరు వడికిన నూలు మీకే. డిసెంబరు 12, 13, ఉదయం 9.30 నుంచి సాయంత్రం 4.30. టికెట్ 2,000 రూపాయలు. టిఫిను, భోజనం, దూది అందులోనే. రాట్నాలు పన్నెండే, సీట్లూ పన్నెండే. ఏకులు ముందుగా చేయాలి కనుక డిసెంబరు 6 రాత్రి 8 గంటలకు టికెట్లు ముగుస్తాయి. ఎనిమిది మంది కన్నా తక్కువైతే, లేదా తుపాను వల్ల ఆగిపోతే, పూర్తి డబ్బు వాపసు.”

దీని కింద చెల్లింపు క్యూఆర్ కోడ్, ఫోన్ నంబరు, పొందూరు రైల్వే స్టేషన్ నుంచి హాలుకు దారి ఉంటే సరిపోతుంది. పొందూరు స్టేషన్ విజయనగరం, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ల మధ్య ప్రధాన మార్గంలోనే ఉన్నా అన్ని బండ్లూ అక్కడ ఆగవు. ఆగే బండి పేరు, వేళ ప్రస్తుత పట్టికలో చూసి రాస్తే విశాఖలో ఉన్నవారికి ప్రయాణం మీద సందేహం తీరుతుంది.

పోస్టు చేరే దారికి కూడా పరిమితులున్నాయి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితా, అంటే ఒకే సందేశాన్ని విడివిడిగా అందరికీ పంపే సౌకర్యం, ఒక్కో జాబితాకు 256 మందికే. అదీ పంపినవారి నంబరును తమ ఫోన్‌లో భద్రపరచుకున్నవారికే చేరుతుంది. అందుచేత విచారించిన ప్రతివారినీ ‘ఈ నంబరు సేవ్ చేసుకోండి’ అని మొదటి జవాబులోనే కోరడం అవసరం, లేకపోతే తరువాతి గుర్తుచేతలు వారిని చేరవు. మామూలు ఎస్సెమ్మెస్‌ను గుంపుగా పంపాలంటే ట్రాయ్ నిబంధనల ప్రకారం పంపేవారి పేరును, సందేశపు నమూనాను ముందుగా నమోదు చేయించాలి. పన్నెండు సీట్ల తరగతికి ఆ శ్రమ దండగ.

‘వస్తామండి’ అంటే సీటు కాదు

ఈ ప్రాంతపు మర్యాదలో పిలిచినవారి ముఖం మీద ‘రాను’ అనడం అరుదు. ‘తప్పకుండా వస్తామండి, చూద్దాం’ అన్నది పిలుపుకు ఇచ్చే గౌరవమే కాని కొనుగోలు కాదు. ఆ మాటలను లెక్కపెట్టుకుని సీట్లు నిండాయనుకున్న నిర్వాహకుడు ఆఖరి వారంలో ఖాళీ రాట్నాలతో మిగులుతాడు. డబ్బు ఖాతాలో పడినప్పుడే సీటు అమ్ముడైనట్టు అన్నది మొదటి నియమం. చెల్లింపు తెర చిత్రాన్ని, అంటే స్క్రీన్‌షాట్‌ను, రుజువుగా తీసుకోకూడదు. మధ్యలో ఆగిన చెల్లింపుకూ తెర చిత్రం ఉంటుంది, మార్చిన చిత్రాలూ వస్తాయి. యూపీఐ లావాదేవీకి ఉండే పన్నెండంకెల సంఖ్యను ఖాతా వివరాలతో సరిచూసి, ‘మీ సీటు నంబరు 5, పేరు నమోదైంది’ అని జవాబు పంపితే లావాదేవీ ముగిసినట్టు.

విచారణల సంఖ్య, చెల్లింపుల సంఖ్య పక్కపక్కన రాసుకుంటే లోపం ఎక్కడుందో కనిపిస్తుంది. నలభై మంది అడిగి నలుగురే కొన్నారంటే పోస్టు చేరవలసినవారికి చేరింది, కాని ధర, తేదీ, ప్రయాణాల్లో ఏదో అడ్డుపడుతోంది. వచ్చిన ప్రశ్నలు చదివితే అదేమిటో తెలుస్తుంది. ఆరుగురు అడిగి నలుగురు కొన్నారంటే పోస్టు బాగుంది, చేరిన మనుషులే చాలలేదు. అప్పుడు మాటలు మార్చడం కాక కొత్త గ్రూపులు, కళాశాలలు, విశాఖలోని స్నేహబృందాలు వెతకాలి. అందరూ ఒకే ప్రశ్న, ఉదాహరణకు ‘భోజనం మీదేనా’ అని అడుగుతుంటే జవాబు పోస్టులో లేదనో, కనిపించని చోట ఉందనో అర్థం. ఎక్కువమంది ‘సర్టిఫికెట్ ఇస్తారా’ అని అడుగుతుంటే పోస్టు వృత్తి మీద ఆసక్తి ఉన్నవారిని వదిలి, ఉద్యోగార్హతలు వెతికేవారి మధ్య తిరుగుతోందన్నమాట.

గుర్తుచేత ఇద్దరికి, రెండు రకాలుగా

గుర్తుచేతను కొననివారికీ, కొన్నవారికీ ఒకేలా పంపితే రెండు వర్గాలూ విసుగుపడతాయి. అడిగి కొననివారికి ఒక్కసారి, పేరు పెట్టి, వారు అడిగిన ప్రశ్నకే జవాబుతో రాయాలి: “మాస్టారూ, మీరు ఆదివారం సాయంత్రం తిరుగు బండి గురించి అడిగారు, 4.30కే ముగిస్తాం, స్టేషన్‌కు ఆటో మేమే చూస్తాం. ప్రస్తుతం నాలుగు సీట్లున్నాయి.” ఇది అందరికీ పంపే పోస్టర్ కన్నా బలమైనది, ఎందుకంటే ఆ మనిషిని ఆపుతున్న అడ్డంకిని ఇది తొలగిస్తుంది. జవాబు రాకపోతే రెండోసారి అడగకుండా వదిలేయాలి. ఆఖరి పిలుపు ఎలాగూ వారికి చేరుతుంది.

కొన్నవారికి పంపే గుర్తుచేత లక్ష్యం అమ్మకం కాదు, హాజరు. కార్యశాలకు మూడు రోజుల ముందు, బుధవారం, వెంట తెచ్చుకోవలసినవి చెప్పాలి: దగ్గరి చూపు కళ్లజోడు, నేల మీద కూర్చోవడానికి వీలైన దుస్తులు, గోళ్లు కత్తిరించుకుని రావడం. పోగు కంటికి ఆనకపోయినా, గోటికి తగులుకున్నా దారం తెగుతుంది కనుక ఈ సూచన అలంకారం కాదు. శుక్రవారం సాయంత్రం రెండో సందేశంలో దారి, వేళ, ఫోన్ నంబరు మాత్రమే ఉండాలి. రాలేమని ఎవరైనా చెబితే ఆ సీటు నిరీక్షణ జాబితాలోని వారికి దక్కుతుంది; ఏకులు అప్పటికే సిద్ధమై ఉంటాయి కనుక మనిషి మారినా పని ఆగదు.

ఆఖరి పిలుపు ఒక్కటే

నమూనా లెక్కలో తొలి పోస్టుతో నవంబరు చివరికి అయిదు సీట్లు అమ్ముడయ్యాయనుకుందాం. జీతాల రోజు పోస్టుతో మూడు, విడిగా పంపిన గుర్తుచేతలతో ఒకటి చేరి డిసెంబరు 5 సాయంత్రానికి తొమ్మిది అయ్యాయి. ఇంకొక్క సీటు అమ్మితే నష్టం తప్పే స్థితి అది, అబద్ధమాడాలనే తొందర పుట్టేదీ ఇక్కడే. ఆ పిలుపును ఇలా రాయవచ్చు:

“పొందూరు రాట్నం కార్యశాలకు పన్నెండు సీట్లలో తొమ్మిది నిండాయి, మూడున్నాయి. రేపు ఆదివారం రాత్రి 8 గంటలకు టికెట్లు ఆపేస్తాం. సోమవారం ఉదయం నుంచి వచ్చేవారి లెక్కకు ఏకులు చేయడం మొదలవుతుంది. టికెట్ 2,000, అన్నీ కలిపి. ఈ విడతకు ఇదే చివరి సందేశం.”

ఇందులో హెచ్చరికలు, ఆశ్చర్యార్థకాలు లేవు. ఎన్ని ఉన్నాయి, ఎప్పటిదాకా, ఎందుకు ఆపుతున్నారు అనే మూడు జవాబులున్నాయి. శనివారం సాయంత్రం పంపడానికి కారణం, ఇంట్లో మాట్లాడుకోవడానికి ఒక రాత్రి, ఒక పగలు దొరకడం; ఆదివారం రాత్రి ఏడింటికి పంపితే తలుచుకున్నవారు కూడా సెలవు సర్దుకోలేక మానుకుంటారు. దీనితో మరో ఇద్దరు కొన్నారనుకుంటే సీట్లు పదకొండు, రాబడి 22,000, ఖర్చు 19,400, మిగులు 2,600.

ఎనిమిది గంటలు దాటగానే ‘టికెట్లు ముగిశాయి’ అని అన్ని చోట్లా రాసి, క్యూఆర్ కోడ్ ఉన్న పాత పోస్టులను తీసివేయాలి. తరువాత చెల్లించినవారి డబ్బు వెంటనే తిరిగి పంపి, వారి పేరు వచ్చే విడత జాబితాలో మొదట రాయాలి. ఒక్క సీటు ఖాళీగా ఉంది కదా అని పొడిగిస్తే చేతికి వచ్చేది 1,400 రూపాయలు; అందుకు చెల్లించే మూల్యం వచ్చే విడతలో గడువును ఎవరూ పట్టించుకోకపోవడం. ఈ విడతలో సీటు దొరకనివారే వచ్చే విడతకు తొలి రోజున కొనేవారవుతారు, గడువు నిజమని వారికి తెలుసు కనుక.

ఈ క్రమం పొందూరుకే పరిమితం కాదు గాని, అంకెలను యథాతథంగా మరో వృత్తికి మోసుకుపోలేము. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి చేసే వీణ రెండు రోజుల్లో తయారయ్యేది కాదు. అక్కడి కార్యశాలకు సీట్లను నిర్ణయించేవి ఉలుల సంఖ్య, అవి పట్టుకున్న కొత్తవారిని కనిపెట్టి ఉండే నిపుణుల సంఖ్య, గడువును నిర్ణయించేది చెక్కను సిద్ధం చేయడానికి పట్టే కాలం. ఏ వృత్తిలోనైనా నిర్వాహకులు పోస్టర్ గీయించే ముందు ఆ పనివారి దగ్గర కూర్చుని రెండు ప్రశ్నలు అడగాలి: ఒకేసారి ఎంతమందికి చేయి పట్టి నేర్పగలరు, వచ్చేవారి లెక్క ఎన్ని రోజుల ముందు కావాలి. మొదటి జవాబే సీట్ల సంఖ్య, రెండోది టికెట్ల గడువు. ఆ రెండూ తెలియకుండా తొలి పోస్టు పెట్టకూడదు.